పట్టికలో ఏడో వరుస

పి-7. స్త్రీ. వయసు 41. ఆర్డినేషన్ అయి 13 ఏళ్లు. గ్రామీణ పాస్టరేటు, 9 ఊళ్లు. భర్త కూడా పాస్టరే.

పాస్టర్ల బర్నవుట్ మీద ఒక విద్యార్థిని రాసిన పరిశోధన చిత్తుప్రతిలో, మొదటి పట్టికలో ఏడో వరుస ఇది. "పేర్లు ఎక్కడా లేవు సార్, అన్నీ తీసేశాను" అంది ఆ అమ్మాయి. నిజమే, పేరు లేదు. ఆ డయాసిస్ ఏటా అచ్చువేసే డైరీ ఒకటి తెప్పించమన్నాను. ఎవరు ఏ పాస్టరేటులో ఉన్నారు, ఎవరికి ఏ సంవత్సరం ఆర్డినేషన్ అయింది, అంతా అందులో ఉంది. మొత్తం 110 మంది పాస్టర్లు. వాళ్లలో స్త్రీలు 8 మంది. భర్త కూడా పాస్టరైనవాళ్లు ముగ్గురు. 13 ఏళ్ల కిందట ఆర్డినేషన్ అయినది ఒక్కరే. టీ చల్లారేలోపు మనిషి దొరికింది. ఆవిడ తన బిషప్ గురించి ఏమందో చిత్తుప్రతిలో ఇంకో పది పేజీలు తిప్పితే దొరుకుతుంది, పక్కనే పి-7 అని గుర్తుతో సహా.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈ డయాసిస్, ఈ అంకెలు, ఈ విద్యార్థిని, నేను చదివిన రెండు మూడు చిత్తుప్రతుల్లోంచి తీసుకుని, కలిపి, మార్చి అల్లినవి. పి-7 అనే మనిషి అచ్చంగా ఇలా ఎక్కడా లేదు. ఎందుకలా చేయాల్సి వచ్చిందో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

పరిశోధన వ్యాసంలో పద్ధతుల విభాగం అని ఒకటి ఉంటుంది. ఎవరిని అడిగారు, ఎలా ఎంచుకున్నారు, ఎక్కడ కూర్చుని మాట్లాడారు, మాటల్ని కాగితం మీదికి ఎలా తెచ్చారు, వాటిలోంచి తీర్మానాలకు ఎలా వచ్చారు అన్నది చెప్పే భాగం. చాలామంది విద్యార్థులు దీన్ని ఆఖరి వారంలో, గైడు తరుముతుంటే, పాత థీసిస్ ఒకటి ముందు పెట్టుకుని రాస్తారు. సమ్మతి, గోప్యత గురించి అందులో రెండే వాక్యాలుంటాయి: అన్ని నైతిక నియమాలూ పాటించబడ్డాయి, పాల్గొన్నవారి వివరాలు గోప్యంగా ఉంచబడ్డాయి. ఆ కింద, అదే పేజీలో, పి-1 నుంచి పి-14 వరకు పట్టిక. మాట ఇచ్చిన పేజీలోనే మాట తప్పడమన్నమాట.

బర్నవుట్ గురించి క్లుప్తంగా. ఈ మాటను 1974లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ శాస్త్ర పత్రికల్లోకి తెచ్చారు. తర్వాత క్రిస్టినా మాస్లాక్ దానికి మూడు ముఖాలున్నాయన్నారు: మనసు పూర్తిగా అలసిపోవడం, ఎదుటి మనుషుల పట్ల మొద్దుబారిపోవడం, తను చేసేదానికి విలువ లేదనిపించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాక, పనికి సంబంధించిన పరిస్థితిగా నిర్వచించింది. పద్ధతుల విభాగం రాసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే: ముఖాముఖి మాట్లాడి బర్నవుట్‌ను కొలవలేం. "14 మందిలో 9 మందికి బర్నవుట్ ఉంది" అని రాయడానికి ప్రశ్నావళి కావాలి. మాట్లాడితే తెలిసేది, ఆ అలసటను ఆ మనిషి ఏ పేరుతో పిలుచుకుంటున్నాడు, ఎవరికి చెప్పుకోలేకపోతున్నాడు అన్నది. మన పాస్టర్లలో చాలామంది బర్నవుట్ అనరు. "ఆత్మీయంగా ఎండిపోయినట్టుంది" అంటారు. లేదా ఏమీ అనరు. పిలుపు అందుకున్నవాడు అలసిపోయానంటే విశ్వాసం తగ్గిందని సంఘం అనుకుంటుందన్న భయం.

ఆ భయం వెనక ఇంకో భయం ఉంది. బ్యాంకు ఉద్యోగి తన మేనేజరు మీద విసుక్కుంటే మహా అయితే ఆఫీసులో ఇబ్బంది. ప్రెస్బిటరుకు జీతం, ఇల్లు, ఆదివారం నిలబడే వేదిక, మూడు నాలుగేళ్లకోసారి వచ్చే బదిలీ, అన్నీ ఒకే వ్యవస్థ చేతిలో ఉంటాయి. ఉండే పార్సొనేజి సంఘానిది. పిల్లల బడి బదిలీని బట్టి మారుతుంది. పాస్టరేటు కమిటీ పెద్దలకు కోపం వస్తే కబురు డయాసిస్ ఆఫీసుకు వెళ్తుంది. అందుకని పాస్టరును ఇంటర్వ్యూ చేసినప్పుడు గోప్యత అనేది ఫారం మీద నింపే గడి కాదు. ఆయన నిజం చెబుతాడా, ఆదివారం ప్రసంగం చెబుతాడా అన్నది దాని మీదే తేలుతుంది.

ఇక సమ్మతి సంగతి. ఆ అమ్మాయి చిత్తుప్రతిలో మొదటి వాక్యం ఇలా ఉంది: "బిషప్ గారి అనుమతితో 14 మంది పాస్టర్లను ఎంపిక చేయడమైనది." ఎవరు ఎంపిక చేశారని అడిగాను. బిషప్ గారి ఆఫీసు గుమాస్తా జాబితా ఇచ్చాడట. ఆయనే ఫోన్లు చేసి, "మన అమ్మాయే, చదువుకుంటోంది, కాస్త సహకరించండి" అని చెప్పాడట. ఆ ఫోను వచ్చాక కాదనగలిగిన పాస్టరు ఎవరు? సంతకాలు 14 వచ్చాయి, ఫైలు నిండింది. అందులో సమ్మతి ఎంత, మొహమాటం ఎంత అన్నది ఆ సంతకాలు చెప్పవు.

బిషప్ ఇచ్చేది తలుపు తీయడానికి అనుమతి. లోపల ఉన్న మనిషి మాట్లాడాలా వద్దా అన్నది ఆ మనిషే తేల్చుకోవాలి. రెండూ వేరని పద్ధతుల విభాగంలో కనబడాలి. దానికి దారి ఉంది. డయాసిస్ ఆఫీసు నుంచి అనుమతి, చిరునామాలు మాత్రమే తీసుకుని, అర్హత ఉన్న పాస్టర్లందరికీ ఒకే ఆహ్వానం నేరుగా పంపాలి. జవాబు పరిశోధకురాలికే రావాలి. ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు కాదన్నారో ఆఫీసుకు ఎప్పటికీ తెలియకూడదు, ఆ సంగతి ఆహ్వానంలోనే రాసి ఉండాలి. 110 మందికి ఉత్తరాలు వెళ్తే మాట్లాడిన 14 మంది ఆ గుంపులో కలిసిపోతారు. గుమాస్తా 14 పేర్లు ఎంచి ఇస్తే, తర్వాత ఎన్ని పేర్లు మార్చినా లాభం లేదు. ఆ 14 మందీ ఎవరో ఆఫీసులో కాగితం మీద ఉంది.

ఆ అమ్మాయి చేతిలో అప్పటికే గుమాస్తా జాబితా ఉంది, ఆరు ఇంటర్వ్యూలు అయిపోయాయి కూడా. వాటిని ఏం చేయాలి? నేను చెప్పింది, ముందు కాలేజీ ఎథిక్స్ కమిటీకి జరిగింది ఉన్నదున్నట్టు రాసి పెట్టమని. కమిటీ ఒప్పుకున్నాక ఆమె ఆ ఆరుగురికీ మళ్లీ ఫోన్ చేసి, ఆఫీసు ప్రస్తావన లేకుండా, వద్దనుకుంటే రికార్డింగు చెరిపేస్తానని చెప్పింది. ఇద్దరు చెరిపేయమన్నారు. మొదటిసారి అందరికంటే చనువుగా మాట్లాడింది ఆ ఇద్దరే. మిగతావాళ్లను అందరికీ పంపిన ఆహ్వానం ద్వారానే వెతుక్కుంది. పద్ధతుల విభాగంలో ఈ పొరపాటూ, దిద్దుబాటూ రెండూ రాయాలి. ఆమెకు అది సిగ్గుగా అనిపించింది. నాకైతే ఆ అధ్యాయం మొత్తంలో నమ్మదగ్గ వాక్యాలు అవే.

సమ్మతి పత్రం మీద సంతకం కూడా చిత్రమైన వస్తువు. పాస్టరు పేరు, సంతకం, తేదీ ఉండే కాగితం ఈ పరిశోధన మొత్తంలో అదొక్కటే. గోప్యత కోసం రాయించుకునే కాగితమే గోప్యతకు పెద్ద ముప్పు. ఒక చిత్తుప్రతిలో ఈ పత్రాల్ని చర్చి గుమాస్తా ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపాడని చదివి తల పట్టుకున్నాను. కమిటీ ఒప్పుకుంటే, పేరు చెప్పకుండా రికార్డరులో మాటతో ఇచ్చే సమ్మతి ఇలాంటి చోట సంతకం కంటే భద్రం. సంతకమే కావాలంటే ఆ పత్రాలు ఒక బీరువాలో, రికార్డింగులు ఇంకోచోట, ఏ పేరుకు ఏ సంఖ్యో చెప్పే జాబితా మూడోచోట ఉండాలి. ఎక్కడ ఉంచారో, ఎప్పుడు నాశనం చేస్తారో విభాగంలో ఒక వాక్యం రాస్తే చాలు.

పాస్టర్ల ఇంటర్వ్యూలకే ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. పాఠ్య పుస్తకాల్లో ఇవి దొరకవు.

మొదటిది ప్రార్థన. పాస్టరు గారింటికి వెళ్తే మాట ప్రార్థనతో మొదలవుతుంది, ప్రార్థనతో ముగుస్తుంది. ఆ ప్రార్థనలో పేర్లు వస్తాయి. ఫలానా సహోదరి ఆపరేషను, ఫలానా కుటుంబంలో తగాదా. రికార్డరు ఎప్పుడు నొక్కారు? ప్రార్థన అయ్యాక నొక్కి, చివరి ప్రార్థనకు ముందు ఆపాను అని రాయాలి. ఇంకో కారణం కూడా ఉంది. ఆఖరి ఆమేన్ తర్వాతే, గుమ్మం దాకా సాగనంపుతూ, పాస్టరు అసలు సంగతి చెబుతాడు. "ఇది రాసుకోకమ్మా" అని కూడా అనడు. చెప్పేస్తాడు. దాన్ని వాడుకోవచ్చా? రికార్డరు ఆగాక విన్నది, మళ్లీ అడిగి ఒప్పించుకుంటే తప్ప వాడకూడదు. ఈ నియమం ముందే పెట్టుకుని, పత్రంలో రాసి, పాటించానని విభాగంలో చెప్పాలి.

రెండోది, గదిలో ఇంకెవరున్నారు. గుణాత్మక పరిశోధన నివేదికల కోసం 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు తయారుచేసిన కోరెక్ అనే 32 అంశాల జాబితా ఒకటి ఉంది, చాలా పత్రికలు దాన్ని అడుగుతాయి. అందులో ఒక ప్రశ్న: పాల్గొన్నవారూ పరిశోధకులూ కాక మూడో మనిషి అక్కడున్నారా? మొదటిసారి చదివినప్పుడు ఇదేం ప్రశ్న అనుకున్నాను. పార్సొనేజిలో కూర్చున్నాక అర్థమైంది. అమ్మగారు టీ తెస్తారు, కూర్చుంటారు. సంఘ పెద్ద ఒకాయన కానుకల లెక్క అడగడానికి వస్తాడు. ఆయన వచ్చిన తర్వాత అయ్యగారి జవాబులు వినండి: దేవుని కృపవల్ల అంతా బాగానే ఉంది. అందుకే ఆ అమ్మాయి తర్వాతి ఇంటర్వ్యూలన్నీ పాస్టరేటుకు దూరంగా, పాస్టరు గారే ఎంచుకున్న చోట పెట్టుకుంది. ఆ చోటు ఏదో చిత్తుప్రతిలో రాయలేదు, చర్చి ఆవరణకు బయట అని మాత్రమే రాసింది. అది చాలు.

మూడోది ఇతరుల రహస్యాలు. పాస్టరు ఎందుకు అలసిపోయాడో చెప్పమంటే సంఘస్థుల కథలే చెబుతాడు. అర్ధరాత్రి ఫోన్ చేసిన భర్త, పురుగుమందు తాగిన కుర్రాడు, విడిపోతున్న జంట. వాళ్లెవరూ ఏ పత్రం మీదా సంతకం పెట్టలేదు. వాళ్లు పాస్టరుకు చెప్పుకున్నది పరిశోధకురాలికి చెప్పినట్టు కాదు. రోమన్ కేథలిక్ ఫాదర్ల విషయంలోనైతే ఒప్పుకోలు సంస్కారంలో విన్నది ఏ కారణంతోనూ బయటపెట్టకూడదని వాళ్ల చర్చి చట్టమే చెబుతుంది. అందుకని ఇంటర్వ్యూ మొదట్లోనే "మీ సంగతి చెప్పండి, వాళ్ల పేర్లూ ఊర్లూ వద్దు" అనాలి. అయినా వస్తాయి. రాతప్రతి తయారుచేసేటప్పుడే వాటిని తీసేసి, తీసేశానని విభాగంలో చెప్పాలి. రాతప్రతి ఎవరు టైపు చేశారన్నది కూడా తప్పనిసరి. ఒక చిత్తుప్రతిలో టైపు చేసింది అదే సంఘం యువజన కార్యదర్శి. రూపాయి తక్కువ తీసుకున్నాడట.

గోప్యతకు హద్దు కూడా చెప్పాలి. ఏం విన్నా ఎవరికీ చెప్పను అని మాట ఇవ్వడానికి లేదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందనో, జరగబోతోందనో తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది, చెప్పకపోవడం శిక్షించదగ్గ నేరం. చర్చి హాస్టళ్లూ బడులూ చూసుకునే పాస్టర్లతో మాట్లాడేటప్పుడు ఇది దూరపు ఊహ కాదు. తన ప్రాణం తీసుకోవాలనుందని ఎదుటి మనిషి చెబితే కూడా ఊరుకోలేం. ఈ రెండు హద్దులూ సమ్మతి పత్రంలో ముందే, తేలిక తెలుగులో ఉండాలి. బాధ ముంచుకొస్తే రికార్డరు ఆపుతానని, సంఘంతో సంబంధం లేని కౌన్సిలరు నంబరుతో పాటు ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 కూడా ఇచ్చానని ఆ అమ్మాయి రాసింది. సంఘంతో సంబంధం లేని అన్న మాట తర్వాత చేర్చింది. మొదట ఇచ్చింది డయాసిస్ కౌన్సెలింగ్ సెంటరు నంబరు.

ఇప్పుడు మళ్లీ ఏడో వరుస దగ్గరికి.

అజ్ఞాతం, గోప్యత ఒకటే అనుకుంటాం. అజ్ఞాతం అంటే పరిశోధకుడికి కూడా ఎవరో తెలియకపోవడం, పేరు రాయని ప్రశ్నావళి పెట్టెలో వేసినట్టు. ఎదురుగా కూర్చుని రెండు గంటలు మాట్లాడాక అజ్ఞాతం ఎక్కడిది? అక్కడ ఇవ్వగలిగింది గోప్యత: నాకు తెలుసు, బయటికి చెప్పను. కాబట్టి "పాల్గొన్నవారి అజ్ఞాతం కాపాడబడింది" అన్న వాక్యం ఇంటర్వ్యూ పరిశోధనలో సాధారణంగా అబద్ధం. "పేర్లు మార్చాను, గుర్తుపట్టించే వివరాలు తగ్గించాను" అన్నది నిజం.

ఎవరి నుంచి కాపాడుతున్నాం అన్నది రెండో ప్రశ్న. న్యూజిలాండ్ సామాజికవేత్త మార్టిన్ టోలిచ్ 2004లో రాసిన ఒక వ్యాసంలో దీన్ని బాగా విడదీశారు. బయటివాళ్లు గుర్తుపట్టకుండా చూడటం ఒకటి, లోపలివాళ్లు ఒకరినొకరు గుర్తుపట్టకుండా చూడటం ఇంకొకటి. మొదటిది నీటి మీద కనబడే మంచుకొండ ముక్క, రెండోది కింద మునిగి ఉన్న పెద్ద భాగం. ఢిల్లీలో థీసిస్ చదివే ప్రొఫెసరుకు పి-7 ఎవరో ఎప్పటికీ తెలియదు. పక్క పాస్టరేటు పాస్టరుకు మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. పి-7కు నష్టం చేయగలిగింది ప్రొఫెసరు కాదు.

ఇది కొత్త పాఠమేం కాదు. 1950లలో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధన కోసం ఆర్థర్ విడిచ్ న్యూయార్క్ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో ఉన్నాడు. జోసెఫ్ బెన్స్‌మన్‌తో కలిసి రాసిన పుస్తకం 1958లో వచ్చింది. ఊరికి స్ప్రింగ్‌డేల్ అని మారుపేరు, మనుషులకూ మారుపేర్లే. ఊళ్లోవాళ్లు పుస్తకం తెప్పించుకుని చదివి ప్రతి పాత్రనూ గుర్తుపట్టేశారు. ఊళ్లో అధికారం చెలాయించేది ఎవరో, వాళ్ల గురించి రచయితలు ఏమన్నారో అంతా బయటపడింది. ఆ తర్వాతి జులై 4 ఊరేగింపులో జనం ముఖాలకు ముసుగులు వేసుకుని, పుస్తకంలో తమకు పెట్టిన మారుపేర్లు తగిలించుకుని బళ్ల మీద ఊరేగారు. చివరన ఎరువు చల్లే బండి, దాని మీద పేడలోకి వంగి ఉన్న రచయిత బొమ్మ. మారుపేర్లు ఆపగలిగింది ఊరు తెలియనివాళ్లను మాత్రమే.

మన సంఘాల్లో లోపలి ప్రపంచం ఇంకా చిన్నది. నంద్యాల డయాసిస్‌కు 2013లో ఒక మహిళ బిషప్ అయ్యారు, దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ ఆవిడే. ఆ రోజుల్లో ఎవరైనా "సీఎస్‌ఐకి చెందిన ఒక మహిళా బిషప్" అని రాసి పేరు దాచాననుకుంటే నవ్వొచ్చేది. ఆ స్థాయిలో కాకపోయినా, ఒక డయాసిస్‌లో స్త్రీ పాస్టర్లు, పీహెచ్‌డీ ఉన్నవాళ్లు, భార్య చనిపోయినవాళ్లు, సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు ఇలాగే వేళ్ల మీద ఉంటారు. ఒక్కో వివరం విడిగా ఏ హానీ చేయదు. ఒకే వరుసలో పక్కపక్కన నిలబడితేనే ప్రమాదం.

అందుకే పట్టికను తీసేయడం కాదు, వరుసల్ని విడగొట్టడం మందు. "14 మందిలో స్త్రీలు 4. వయసు 30ల నుంచి 60ల వరకు. సేవాకాలం 5 నుంచి 30 ఏళ్లకు పైగా. సగానికి పైగా గ్రామీణ పాస్టరేటులు." ఇలా గుంపు సంగతి గుంపుగా చెబితే చదివేవాళ్లకు ఎలాంటి మనుషులతో మాట్లాడారో తెలుస్తుంది. 41 ఏళ్లూ, 13 ఏళ్ల సేవా, పాస్టరు భర్తా ఒకే మనిషివని మాత్రం తెలియదు. ఉదాహరించిన మాట పక్కన పి-7 అనే గుర్తు కూడా ప్రమాదమే. పదకొండో పేజీలో ఆవిడ పిల్లల సంగతి, ఇరవయ్యో పేజీలో బదిలీ సంగతి, ముప్పయ్యో పేజీలో బిషప్ సంగతి, మూడింటినీ ఆ గుర్తు దారంలా గుచ్చి పెడుతుంది. బాగా సున్నితమైన మాటలకు గుర్తు వదిలేసి, వదిలేశానని పద్ధతుల విభాగంలో చెప్పడం మేలు.

ఇక్కడ అమ్మాయి మంచి ప్రశ్నే వేసింది. "అన్నీ తీసేస్తే ఇంకేం మిగుల్తుంది సార్? భార్యాభర్తలిద్దరూ పాస్టర్లైతే అలసట రెండింతలని కదా నేను కనిపెట్టింది!" నిజమే. ఆ వివరమే తీర్మానానికి ప్రాణం. అక్కడ వివరం ఉంచి, దాని చుట్టూ ఉన్న మిగతావన్నీ తీసేయాలి. వయసు వద్దు, ఊళ్ల సంఖ్య వద్దు, సేవాకాలం వద్దు. ఒకవేళ డయాసిస్ మొత్తంలో అలాంటి జంట ఒక్కటే ఉంటే? అప్పుడు ఆ తీర్మానాన్ని అచ్చులో వదులుకోవాలి, లేదా ఆవిడకే చూపించి అడగాలి. వివరాల్ని మార్చి రాయడం ఇంకో దారి, తొమ్మిది ఊళ్లను ఆరు చేసినట్టు. అది తీర్మానాన్ని తాకని చోటే చేయాలి, చేశానని చెప్పాలి. ఏది మార్చారో చెప్పకూడదు.

మాట తీరు కూడా మనిషిని పట్టిస్తుంది. పాస్టరు గొంతు సంఘం ప్రతి ఆదివారం వింటుంది. ప్రసంగంలో ఆయన ఎప్పుడూ వాడే సామెత, ఊతపదం, ఒక పాత ఉపమానం ఇంటర్వ్యూలోనూ వస్తుంది. థీసిస్ ఇంగ్లిషులో ఉంటే అనువాదంలో కొంత చెరిగిపోతుంది, తెలుగులోనే అచ్చైతే చెరగదు. ఊతపదాలు తీసేయాలి.

అంతా సరిచేశాక ఆ చిత్తుప్రతిని మొదటి నుంచి తిరగేశాను. డయాసిస్ పేరు ఎక్కడా లేదు, "తెలుగు ప్రాంతంలోని ఒక ప్రొటెస్టెంట్ డయాసిస్" అని ఉంది. బాగుంది. కృతజ్ఞతల పేజీకి వచ్చాను. మొదటి పేరు బిషప్ గారిది, హోదాతో సహా. అనుబంధంలో అనుమతి ఉత్తరం, డయాసిస్ ముద్రతో, రంగుల్లో. ఇంకా చెప్పాలంటే రచయిత్రి తనే ఒక పాస్టరు గారి కూతురు. ఇంటర్వ్యూ చేసిన మనిషికీ పాల్గొన్నవాళ్లకూ ముందే సంబంధం ఉందా అని కోరెక్ జాబితా అడుగుతుంది, దాచడానికి వీల్లేదు. ముఖపత్రం మీద ఆమె పేరుంటుంది. ఆమె నాన్నగారు ఏ డయాసిస్సో లోపలివాళ్లకు తెలుసు. కృతజ్ఞతలు తీసేసి, ఉత్తరాన్ని కమిటీ ఫైలుకు పరిమితం చేశాం. అయినా డయాసిస్‌ను లోపలివాళ్ల నుంచి దాచలేమని ఒప్పుకుని, దాచగలిగేది మనుషుల్నేనని తేల్చుకున్నాం. ఆ తర్వాత ఆమె రాసిన పేరా ఇది:

"అయిదేళ్లకు పైగా సేవలో ఉన్న పాస్టర్లందరికీ ఆహ్వానం నేరుగా పంపాను. డయాసిస్ కార్యాలయం అందుకు అనుమతించింది, ఎవరు పాల్గొన్నారో దానికి తెలియజేయలేదు. మొదట కార్యాలయం సూచించిన ఆరుగురిని ఇంటర్వ్యూ చేశాను. ఎథిక్స్ కమిటీ అనుమతితో వారి సమ్మతి మళ్లీ అడిగాను, ఇద్దరు తప్పుకున్నారు, వారి రికార్డింగులు చెరిపేశాను. మిగిలిన నలుగురు ఎవరో కార్యాలయానికి తెలిసే అవకాశం ఉంది, ఈ సంగతి వారికి చెప్పాను. నేను అదే సంఘంలో పాస్టర్ కూతురిని, పాల్గొన్నవారిలో కొందరికి ముందే పరిచయం. చర్చి ఆవరణకు బయట, ఇతరులెవరూ లేకుండా మాట్లాడాను. రికార్డరు ఆగాక చెప్పినవి వాడలేదు. రాతప్రతులు నేనే తయారుచేశాను, సంఘస్థుల ప్రస్తావనలు తొలగించాను. గుర్తుపట్టే అవకాశం తగ్గించడానికి వ్యక్తిగత వివరాల పట్టిక ఇవ్వలేదు, కొన్ని వివరాలు మార్చాను. అదే సంఘంలోని పాఠకులు కొందరిని గుర్తుపట్టే వీలు పూర్తిగా పోలేదని పాల్గొన్నవారికి ముందే చెప్పాను."

ఆఖరి వాక్యం రాయడానికి ఆమె చాలా తటపటాయించింది. పరీక్షకులు తప్పు పడతారేమోనని భయం. ఎవరూ పట్టలేదు.

ఒక పని మిగిలింది. ఎవరి మాటలు వాళ్లకు చూపించి, అచ్చుకు ముందు మార్చుకునే వీలివ్వడం. రాతప్రతులు తీసుకుని తనే వెళ్లింది, వాట్సాప్‌లో పంపలేదు. ఒక పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నవారు, బిషప్‌ల మీద ఘాటుగా మాట్లాడిన పేజీలున్నాయి. ఆ పేజీలే కొట్టేస్తారని ఆమె అనుకుంది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని అంతా చదివి, బిషప్‌ల పేజీ పక్కన "ఉండనీ" అని రాశారు. పెన్సిలుతో కొట్టేసింది ఒకే ఒక్క వాక్యం: సాయంత్రాలు పార్సొనేజి పెరట్లో పనసచెట్టు కింద ఒంటరిగా కూర్చుంటానన్నది. "డయాసిస్ మొత్తంలో పనసచెట్టున్న పార్సొనేజి మాదొక్కటేనమ్మా" అన్నారు.